రెస్పెక్టెడ్ సర్, మా బిడ్డకు అమ్మవారు పోసింది

ఒక కాగితం గురించి రాస్తున్నాను. నోట్‌బుక్కులోంచి చింపిన సగం పేజీ. పైన తెలుగులో ఆరు వాక్యాలు, మధ్యలో ఒక గీత, కింద ఇంగ్లీషులో మూడు వాక్యాలు. సిరికొండలో మా ఇంటి పక్కన ఉండే చెల్లె, నాలుగో తరగతి చదివే తన కూతురు బడికి ఎందుకు రాలేదో టీచరుకు చెప్పడానికి పోయిన ఫిబ్రవరిలో పంపిన కాగితం అది. తెలుగు సగం ఆమె రాసింది. ఇంగ్లీషు సగం నేను రాశాను. ఆ రెంటిలో ఒకటి నిజం, ఒకటి అబద్ధం. అబద్ధం రాసింది నేను. నేను హైదరాబాదులో ఇంగ్లీషు రాసి బతికే మనిషిని, చెల్లె పదో తరగతి దాటలేదు అని ముందే చెప్పేస్తే తరువాతి కథ మీకు సులభంగా అర్థమవుతుంది.

చెల్లె రాసింది ఇదీ:

"టీచరమ్మకు నమస్తే. మా బిడ్డకు శనివారం రాత్రి నుంచి అమ్మవారు పోసింది. ఒంటి నిండ నీటి పొక్కులున్నయి, తలల సుత ఉన్నయి. దవాఖానల చూపిచ్చినం. పొక్కులెండి నీళ్లు పోసినంక పంపిస్త. క్లాసుల ఇంక ఎవలకన్న అయితే జర చూసుకోండ్రి."

కింద నేను రాసింది ఇదీ:

"రెస్పెక్టెడ్ సర్, యాజ్ మై డాటర్ ఈజ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్ షీ ఈజ్ అనేబుల్ టు అటెండ్ ద స్కూల్. సో ఐ రిక్వెస్ట్ యూ టు కైండ్లీ గ్రాంట్ హర్ లీవ్ ఫర్ టూ డేస్. థాంకింగ్ యూ సర్."

పండక్కో పబ్బానికో ఊరికి పోయినప్పుడు పక్కింటివాళ్లు ఇట్లాంటివి రాయించుకోవడం కొత్త కాదు. బ్యాంకు కాగితాలు, గల్ఫ్ ఏజెంటు పంపిన కాగితాలు, కరెంటాఫీసుకు అర్జీలు. చెల్లె అడిగింది, "అక్కా, గీ కింద ఇంగ్లీషుల రాసియ్యవా. ఆఫీసుల తెలుగు ఒక్కటే ఉంటె తీసుకుంటలేరు." డైరీ మొదటి పేజీలో నియమం కూడా చూపించింది. సెలవు చీటీ ఇంగ్లీషులో ఉండాలి, తండ్రి సంతకం ఉండాలి. తండ్రి దుబాయిలో ఉన్నాడు. నిజామాబాద్ జిల్లాలో ఎన్ని ఇళ్లలో తండ్రి గల్ఫ్‌లో ఉంటాడో, ఎంతమంది తల్లులు బీడీలు చుట్టుకుంటూ ఇల్లు నడుపుతారో ఆ నియమం రాసినవాళ్లకు తెలియదని నేను అనుకోను. సంతకం చెల్లెనే పెట్టింది, మొగుడి పేరుతో. చీటీలో మొదటి అబద్ధం నాది కూడా కాదు, బడే పెట్టించింది.

పైన ఉన్న తెలుగు నేను చదవలేదని కాదు. చదివాను. చదివి కూడా నా చెయ్యి "సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్" అని రాసింది. ఆలోచించి రాయలేదు. ఐదో తరగతిలో కంఠస్తం పట్టినది ముప్ఫై ఏళ్ల తరువాత వేళ్లలోంచి అట్లాగే కారింది. "అమ్మవారు పోసింది"కి ఇంగ్లీషేమిటా అని ఒక్క క్షణం ఆగి ఉంటాను. ఆ క్షణంలో తట్టకపోతే జ్వరం సిద్ధంగా ఉంది. రెండు రోజులని ఎందుకు రాశానంటే, లీవ్ లెటర్‌లో ఎప్పుడూ రెండు రోజులే కాబట్టి.

చెల్లె రాసిన ఆరు వాక్యాలను లెక్కపెట్టి చూడండి. ఏమైందో ఉంది. ఎప్పటి నుంచో ఉంది. ఎట్లా ఉందో ఉంది. దవాఖానకు పోయారని ఉంది. ఎప్పుడు వస్తుందో ఉంది, అదీ తారీఖు లెక్కన కాకుండా పొక్కులు ఎండే లెక్కన. మిగతా పిల్లల సంగతి చూసుకొమ్మని ఉంది. నా మూడు వాక్యాల్లో ఉన్న సమాచారం ఒకటే, అదీ తప్పు. మిగతాదంతా దండం పెట్టడం.

"అమ్మవారు" అనే మాట గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే చిక్కంతా అక్కడే ఉంది. మా వైపు ఈ రోగాన్ని రోగమని అనరు. జ్వరం వస్తుంది, దగ్గు పడుతుంది, అమ్మవారు మాత్రం పోస్తుంది. తల్లి ఇంట్లోకి వచ్చిందంటారు. గుమ్మానికి వేపమండలు కడతారు, పక్క మీద వేపాకు పరుస్తారు, కూరల్లో పోపు పెట్టరు, బయటివాళ్లను లోపలికి రానివ్వరు, పిల్లను బయటికి పోనివ్వరు. పొక్కులు ఎండాక వేపాకు, పసుపు కలిపిన నీళ్లు పోస్తారు. ఆ నీళ్లు పోసేదాకా బిడ్డ ఇల్లు కదలదు. భక్తి సంగతి పక్కన పెట్టి చూసినా దీనిలో ఒక పద్ధతి కనిపిస్తుంది. ఇంగ్లీషులో దీన్ని ఐసోలేషన్ అంటారు, కరోనా పుణ్యమా అని ఆ మాట ఇప్పుడు చెల్లెకూ తెలుసు.

ఈ మాటకు ఒక్క ఇంగ్లీషు మాట లేదన్నది నిజమే. ఒకప్పుడు మశూచినీ అమ్మవారే అన్నారు. అది పెద్దమ్మవారు. మన దేశంలో 1975 తరువాత అది లేదు, 1980లో ప్రపంచంలోనే లేదని ప్రకటించారు. ఇప్పుడు అమ్మవారంటే ఎక్కువగా చికెన్‌పాక్స్, ఆటలమ్మ అనే ప్రాంతాలూ ఉన్నాయి. కానీ కొన్ని ఇళ్లలో తట్టును కూడా ఈ లెక్కలోనే వేస్తారు, అది మీజిల్స్. అందుకని అనువదించేవాడు అడగాలి. పొక్కుల్లో నీళ్లున్నాయా, ఎర్రటి దద్దురేనా? డాక్టరేమన్నాడు? చెల్లెను అడిగి ఉంటే చెప్పేది. చీటీలోనే "నీటి పొక్కులు" అని రాసి పెట్టింది. దవాఖానలో చికెన్‌పాక్స్ అని చిట్టీ మీద రాసి ఇచ్చారు, అది ఫ్రిజ్ మీద డబ్బా కింద ఉంది. నేను రెండు ప్రశ్నలు అడగలేదు, అంతే.

దానివల్ల ఏమైందో వరసగా చెప్తాను. సోమవారం పొద్దున చీటీ బడికి పోయింది. ఆఫీసులో ఇంగ్లీషు సగం చూసి రిజిస్టర్‌లో ఫీవర్, టూ డేస్ అని ఎక్కించారు. క్లాస్ టీచరుకు చేరింది ఆ మాటే, చీటీ కాదు. బుధవారం మధ్యాహ్నం చెల్లెకు ఫోన్. రెండు రోజుల లీవు అయిపోయింది, మీ పాప ఇంకా ఎందుకు రాలేదు, శుక్రవారం యూనిట్ టెస్టు ఉంది. చెల్లె చెప్పబోయింది. "మీరే కదమ్మా టూ డేస్ అని రాసిండ్రు" అన్నారు అవతల. తన పేరు మీద పోయిన కాగితంలో ఏముందో ఆమెకు అప్పుడే తెలిసింది. నాకు ఫోన్ చేసి తిట్టలేదు. రాసిన అక్కకు తెలియకనా, బడి పద్ధతి అంతేనేమో అనుకుంది. గురువారం పిల్లకు నీళ్లు పోయకుండానే బ్యాగు తగిలించి బస్సెక్కించింది.

చికెన్‌పాక్స్ గురించి బడికి తెలియాల్సింది పెద్దగా ఏమీ లేదు. పొక్కులు బయటపడడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచీ అది అంటుకుంటుంది. అన్ని పొక్కులూ చెక్కు కట్టేదాకా అంటుకుంటూనే ఉంటుంది. మామూలుగా దానికి ఐదు నుంచి ఏడు రోజులు పడుతుంది. ఇంకొకరికి అంటితే బయటపడడానికి పది నుంచి ఇరవై ఒక్క రోజులు, ఎక్కువమందికి రెండు వారాల చుట్టుపక్కల. పిల్లలకు చాలావరకు తేలిగ్గా పోతుంది. పెద్దవాళ్లకు, ఇంతకుముందు రానివాళ్లకు, అందులో గర్భిణులకు అట్లా కాదు. గురువారం నాటికి ఆ పిల్లకు ఐదో రోజు. ముఖం మీద ఎండిపోయాయి, జడ కింద ఇంకా నీళ్లు ఉన్నాయి.

మార్చి మొదటి వారంలో ఆ క్లాసులో ఇంకో ముగ్గురికి పోసింది. నా చీటీ వల్లనే అని నేను అనలేను. పొక్కులు లేచింది శనివారం రాత్రి, అంటే శుక్రవారం బడిలో ఉన్నప్పుడే అది అంటుకుని ఉండొచ్చు. దాన్ని ఏ చీటీ ఆపలేదు. కానీ సోమవారమే చికెన్‌పాక్స్ అని తెలిసి ఉంటే ఆ ముగ్గురి తల్లులకు ఒక మాట పోయేది. ఇంకో సంగతి చీటీ రాసినప్పుడు నాకు తెలియదు. ఆ క్లాస్ టీచరుకు అప్పుడు ఐదో నెల. తరువాత చెల్లె ఇంటికి వచ్చినప్పుడు ఆమె నాతో అన్న మాట, "నాకు చిన్నప్పుడే అయిపోయింది కాబట్టి సరిపోయింది అక్కా. లేకుంటే? ఆ తెలుగు సగం నా దాక రానే రాలె."

ఇంతవరకు నా తప్పు. ఇక నేను పోట్లాడదలచుకున్నవాళ్లు ఇద్దరున్నారు.

మొదటివాళ్లు ఈ నియమాన్ని సమర్థించేవాళ్లు. ఇంగ్లీషు మీడియం బడి అన్నాక తల్లిదండ్రులు కూడా ఇంగ్లీషులో రాయాలి, దాంతో ఇంట్లో ఇంగ్లీషు వాతావరణం వస్తుంది అంటారు. ఇంగ్లీషు నేర్చుకోవలసింది పిల్ల. దానికి ఫీజు కట్టింది చెల్లె. ఇంగ్లీషు నేర్పాల్సినవాళ్లు ఫీజు కట్టినవాళ్లకు పరీక్ష పెట్టడం ఏ లెక్క? పోనీ నేర్పుతున్నది ఇంగ్లీషేనా? లీవ్ లెటర్ బడిలో ఎట్లా నేర్పుతారో గుర్తు తెచ్చుకోండి. పిల్లాడు తానే రాస్తున్నట్టు, "యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్" అని బట్టీ పట్టిస్తారు. చివర "యువర్స్ ఒబీడియంట్లీ". పెద్దయ్యాక వాడు తండ్రి అవుతాడు, కొడుకుకు చీటీ రాస్తాడు, అదే రాస్తాడు. కొడుకు బడికి రాలేదు, జ్వరం మాత్రం నాన్నకు. ఏ టీచరును అడిగినా ఇట్లాంటి చీటీలు చూశామనే అంటారు, నవ్వుతారు కూడా. నవ్వాల్సింది ఆ తండ్రిని చూసి కాదు.

ఈ ఫార్ములాకు జ్వరం ఒక్కటే రోగం. పెద్దపిల్ల అయితే జ్వరం. నెలసరి నొప్పి అయితే జ్వరం, మరీ ధైర్యముంటే స్టమక్ పెయిన్. తాత చనిపోతే జ్వరం కాదు కానీ "అవుట్ ఆఫ్ స్టేషన్". జనవరి నుంచి మార్చి దాకా మా దగ్గర పసుపు తవ్వుతారు, ఉడకబెడతారు, ఆరబోస్తారు. ఇంట్లో చేతులు చాలక నాలుగు రోజులు పిల్లను ఆపుకున్న ఇల్లు కూడా జ్వరమనే రాస్తుంది. పిల్లను పనికి ఆపడం మంచిదని నేను అనడం లేదు. కానీ ఏ పిల్ల ఏ కారణంతో ఆగుతోందో తెలుసుకునే ఒక్క కాగితం బడి చేతిలో ఉంది. ఆ కాగితాన్ని తానే పనికిరాకుండా చేసుకుంది. సంవత్సరం చివర ఆ రిజిస్టర్ చదివితే సిరికొండ పిల్లలకు జ్వరం తప్ప వేరే జీవితం లేదనిపిస్తుంది.

ప్రిన్సిపాల్‌కు తెలుగు రాదు కదా అనే వాదన కూడా విన్నాను. రాకపోవచ్చు. గేటు దగ్గర వాచ్‌మన్‌కు వచ్చు, ఆఫీసులో అమ్మాయికి వచ్చు, క్లాస్ టీచరుకు వచ్చు. ఫీజు బాకీ సంగతి చెల్లెకు చెప్పాల్సి వచ్చినప్పుడు ఆ ఆఫీసు చక్కటి తెలుగులోనే చెప్తుంది. అనువాదం భారం రెండు భాషలూ వచ్చిన పదిమంది ఉన్న చోట ఉండాలా, బీడీలు చుట్టే ఒక్క మనిషి మీద ఉండాలా?

ప్రభుత్వ బడుల్లో సంగతి ఇంకా చిత్రం. 2022-23లో తెలంగాణ ప్రభుత్వం ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లీషు మీడియం పెట్టింది. పిల్లలు ఒక్కసారిగా తట్టుకోలేరని పాఠ్యపుస్తకాలు రెండు భాషల్లో వేసింది. పక్కపక్క పేజీల్లో అదే పాఠం తెలుగులో, ఇంగ్లీషులో. మంచి పనే చేసింది. అంటే రెండు భాషలు పక్కపక్కన ఉంటే ఒకదాని సాయంతో ఇంకొకటి అర్థమవుతుందని రాజ్యానికి తెలుసు. ఆ పేజీల్లో రెండువైపులా ఒకే విషయం ఉంటుంది. ఒకవైపు కిరణజన్య సంయోగక్రియ ఉండి ఇంకోవైపు జ్వరం ఉండదు.

ఇక రెండోవాళ్లు. వీళ్లు మనవాళ్లే. ఈ పత్రిక చదివేవాళ్లలో, రాసేవాళ్లలో ఉన్నారు. ఈ కథ వినగానే "అందుకే మాతృభాషలోనే ఉండాలి" అంటారు. 1921లో హైదరాబాదు సభలో తెలుగులో మాట్లాడబోయిన వకీలును ఎగతాళి చేస్తే ఆంధ్ర జనసంఘం పుట్టిన ముచ్చట చెప్తారు. ఆ ముచ్చట నాకూ ఇష్టమే. కానీ బడిలో నేర్పే తెలుగు సెలవు చీటీ ఎప్పుడైనా చదివారా? "గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులు గారికి, విద్యార్థి నమస్కరించి వ్రాయు విన్నపము. నాకు తీవ్రమైన జ్వరము వచ్చినందున పాఠశాలకు హాజరు కాలేకపోతున్నాను. కావున దయతో రెండు దినములు సెలవు మంజూరు చేయవలసిందిగా ప్రార్థన." ఇందులోనూ జ్వరమే. ఇందులోనూ రెండు దినములే. చెల్లె ఈ తెలుగులో రాసి ఉంటే నేను ఇంగ్లీషు రాయాల్సిన పని కూడా లేదు, అబద్ధం అక్కడే పూర్తయ్యేది.

హాజరు, మంజూరు, అర్జీ, దరఖాస్తు. ఈ మాటలు ఎక్కడివో మా ప్రాంతం వాళ్లకు చెప్పనక్కర లేదు. నిజాం రాజ్యంలో కచేరీ భాష ఉర్దూ. 1918లో పెట్టిన ఉస్మానియా యూనివర్సిటీలో పై చదువే ఉర్దూలో. తాసీలు ఆఫీసులో పని పడ్డ రైతు చెట్టు కింద కూర్చున్న అర్జీనవీసు దగ్గరికి పోయి తన గోడు చెప్పేవాడు, అతను దాన్ని ఉర్దూలో సలాములతో నింపి రాసేవాడు. రైతు వేలిముద్ర వేసేవాడు. లోపల ఏముందో రైతుకు తెలియదు. పండక్కి ఊరికి పోయి వరండాలో కూర్చుని ఇంగ్లీషు చీటీలు రాసే నేను ఆ అర్జీనవీసు వారసురాలిని. భాష మారింది, చెట్టు మారలేదు. ఉర్దూ పోయి తెలుగు వచ్చినా ఆ చెట్టు అట్లాగే ఉండేదని పైనున్న "విన్నపము" చెప్తోంది.

కాబట్టి నా గొడవ తెలుగా ఇంగ్లీషా అన్నది కాదు. తల్లి టీచరుకు రాసే చీటీ అర్జీ కాదు, కబురు. సెలవు మంజూరు చేయడానికి బడి ఆమెకు యజమాని కాదు. చికెన్‌పాక్స్ వచ్చిన పిల్లకు సెలవు మంజూరు కాకపోతే ఏం చేస్తారు, పొక్కులను వెనక్కి పొమ్మంటారా? ఆమె పంపేది ఒక పెద్దమనిషి ఇంకో పెద్దమనిషికి చెప్పే సమాచారం. ఇద్దరూ ఒకే పిల్ల గురించి పట్టించుకుంటున్నారు కాబట్టి చెప్పే సమాచారం. అది ఆమెకు ఏ భాషలో సూటిగా వస్తే ఆ భాషలో రావాలి. నిజామాబాదు, బోధన్ బడుల్లో ఇంట్లో ఉర్దూ మాట్లాడే తల్లులు ఎంతోమంది. ఆమె ఉర్దూలో రాస్తే అదే అసలు చీటీ. మాతృభాష అంటూ ఊగిపోయేవాళ్లు ఈ తల్లి దగ్గరికి వచ్చేసరికి ఎందుకు చల్లబడతారో నాకు అర్థం కాదు.

అయితే ఇంగ్లీషు సగం వద్దా? వద్దని నేను అనను. రెండు భాషల చీటీ మంచి సరుకు, రెండు సగాలూ ఒకే మాట చెప్తే. ఊరి డాక్టరు, కొత్తగా వచ్చిన టీచరు, రేపు బడి మారితే అక్కడివాళ్లు, ఎవరికైనా పనికొస్తుంది. దానికి పెద్ద ఇంగ్లీషేమీ అక్కర్లేదు. ఇప్పుడు రాస్తే నేను ఇట్లా రాస్తాను:

"డియర్ టీచర్, మై డాటర్ హాజ్ చికెన్‌పాక్స్. ద స్పాట్స్ కేమ్ ఆన్ సాటర్‌డే నైట్. వి టుక్ హర్ టు ద డాక్టర్. షీ విల్ కమ్ బ్యాక్ వెన్ ఆల్ ద స్పాట్స్ ఆర్ డ్రై. ప్లీజ్ వాచ్ ద అదర్ చిల్డ్రన్."

దీనిలో నాలుగో తరగతి పిల్లకు రాని మాట ఒక్కటే, చికెన్‌పాక్స్. అదీ దవాఖాన చిట్టీ మీద ఉంది, చూసి రాసుకోవచ్చు. "సఫరింగ్" లేదు, "కైండ్లీ" లేదు, "యాజ్" పెట్టి మళ్లీ "సో" పెట్టడం లేదు. ఇది తప్పులేని ఇంగ్లీషు, పైగా నా పాత మూడు వాక్యాలకన్నా మంచి ఇంగ్లీషు. పిల్ల తానే తల్లికి రాసిపెట్టగలదు, అప్పుడు డైరీలో కోరుకున్న ఇంగ్లీషు వాతావరణం నిజంగానే వస్తుంది.

చీటీ సరిగా వచ్చిందో లేదో చూసుకోవడానికి ఒక చిన్న ఉపాయం ఉంది. కింది సగాన్ని సంగతి తెలియని ఇంకొకరికి చూపించి, ఏమైందో తెలుగులో చెప్పమనాలి. వాళ్లు చెప్పేది పై సగంతో కలిస్తే సరే. నా చీటీని ఆ రోజు వీధిలో ఇంటర్ చదివే పిల్లాడికి చూపించి ఉంటే "జరమొచ్చింది, రెండు రోజులు రాదు" అనేవాడు. చెల్లె అక్కడే నిలబడి "అయ్యో, గట్ల కాదు బిడ్డా" అనేది. తన చీటీని తాను దిద్దుకునే అవకాశం ఆమెకు దొరికేది. అర్జీనవీసు దగ్గర రైతుకు దొరకనిది అదే.

జూన్ చివర మళ్లీ ఊరికి పోయాను. పిల్ల ఐదులోకి వచ్చింది. సైకిలు మీంచి పడి కుడిచేయి మణికట్టు దగ్గర బెణికింది, కట్టు కట్టారు. మూడు రోజులు రాదు, వచ్చాక కూడా వారం రోజులు రాయలేదు. చెల్లె తెలుగులో రాసింది. నేను ఈసారి పెన్ను పట్టుకునే ముందు అడిగాను, ఏ చెయ్యి, ఎప్పుడు, కట్టు ఎప్పుడు తీస్తారు, టీచరు ఏం చేయాలని నీకుంది అని. "రాయమని కొట్టకుంటె చాలు" అంది. అది కూడా రాశాను, కొంచెం మెత్తగా. రాసింది చదివి తెలుగులో చెప్తే విని తలూపింది. తండ్రి పేరు బదులు తన పేరే సంతకం పెట్టింది.

మరునాడు చీటీ వెనక్కి వచ్చింది. ఇంగ్లీషు సగం మీద ఆఫీసు నుంచి ఎర్రసిరాతో అడ్డంగా గీసి, "రాంగ్ ఫార్మాట్. రీరైట్. ఫాదర్ సైన్" అని ఉంది. పై సగం పక్కన, అంచున, కొత్త క్లాస్ టీచరు పెన్సిలుతో తెలుగులో రాసింది: "చూశాను. ఎడమచేత్తో రాయించను, నోటితో అడుగుతా. లెక్కల్లో భిన్నాలు మొదలైనయి, పుస్తకం పంపించండి."

చెల్లె పుస్తకం పంపించింది. ఎర్రసిరాకు జవాబు మేము ఇంకా రాయలేదు.